జ్యామితి ఉపపత్తి దిద్దడం: కారణం ఎక్కడ జారిందో పట్టుకునే పద్ధతి

చేత్తో రాసిన ఉపపత్తిని దిద్దేటప్పుడు కన్ను ముందు చివరి వాక్యం మీదికి పోతుంది. సారాంశంలో అడిగిందే అక్కడ ఉండి, మధ్యలో ఎక్కడో "భు.కో.భు." అని కనిపిస్తే చెయ్యి దానంతట అదే టిక్కు పెట్టేస్తుంది. తప్పులు దాక్కునేది సరిగ్గా అలాంటి జవాబుల్లోనే. వాటిని బయటికి లాగే పద్ధతిని ఒకే లెక్క మీద, దానికి వచ్చిన రెండు జవాబుల మీద చూద్దాం.

లెక్క ఇది: △ABC లో ∠A కోణ సమద్విఖండన రేఖ, BC మధ్యబిందువు D గుండా పోతుంది. AB = AC అని చూపండి.

తొమ్మిదో తరగతి పిల్లలు చెయ్యగల లెక్కే. చెప్పమన్న విషయం నిజమే. అయినా దీనికి వచ్చే తప్పు జవాబు అచ్చం ఒప్పు జవాబులాగే ఉంటుంది.

1. జవాబు చదవక ముందే దత్తాంశాన్ని విడగొట్టండి

వేరే కాగితం తీసుకుని, లెక్క ఇచ్చిన సంగతులను ఒక్కో ముక్కగా రాసుకోండి. "D, BC మధ్యబిందువు" అనేది చూడటానికి ఒక్క మాట. దాన్ని విప్పితే రెండు సంగతులు వస్తాయి. కాబట్టి మన జాబితాలో మూడు ఉంటాయి.

ద1: B, D, C ఒకే సరళరేఖ మీద ఉన్నాయి.
ద2: BD = DC.
ద3: ∠BAD = ∠CAD.

ద1 ని విడిగా రాయడం చాదస్తంలా అనిపించవచ్చు. మొదటి జవాబు దగ్గర దాని అవసరం ఏమిటో తెలుస్తుంది. సారాంశాన్ని కూడా కింద రాసి, దాని చుట్టూ గీత గీయండి. జవాబులో ఆ గీత లోపలి మాట చివరికంటే ముందు ఎక్కడైనా ఆధారంగా వాడారా అన్నది చూడాల్సి ఉంటుంది.

2. వాక్యాలకు నంబర్లు వెయ్యండి, ఉన్నది ఉన్నట్టు చదవండి

జవాబు ఎడమ మార్జిన్‌లో పెన్సిల్‌తో 1, 2, 3 అని వేసుకుంటూ పొండి. నంబర్ వేయాల్సింది పంక్తికి కాదు, చెప్పిన ప్రతి సంగతికి. "∴ △ABD ≅ △ACD, AB = AC" అని ఒకే పంక్తిలో ఉంటే అవి రెండు సంగతులు, రెండు నంబర్లు, రెండు కారణాలు. పిల్లలు పంక్తికి ఒక కారణం చొప్పున రాస్తారు కాబట్టి రెండోదాని కారణం ఇలాంటి చోటే మాయమవుతుంది.

చేతిరాతలో ఇంకో ఇబ్బంది అక్షరాలు. D, O ఒకేలా పడతాయి; E కి కింది గీత మరిచిపోతే F అవుతుంది; ≅ మీది వంకర గీత పడకపోతే అది = గా మిగులుతుంది. మనకు జవాబు ముందే తెలుసు కనుక, రాసినవాళ్లు ఏది రాసినా మన కన్ను సరైన అక్షరాన్నే చదువుతుంది. అందుకే త్రిభుజాల పేర్లు వచ్చిన చోట వేలు పెట్టి, అక్షరం అక్షరం పటంతో సరిచూడండి. అక్షరం నిజంగా తెలియకపోతే రెండు రకాలుగానూ చదివి చూడండి. ఒక రకంగా ఒప్పు, ఇంకో రకంగా తప్పు అయితే అది రాసినవాళ్లను అడగాల్సిన ప్రశ్నే, మీరు పూరించాల్సిన ఖాళీ కాదు.

పటం మీద వేసిన గుర్తులు కూడా చూడండి. సమాన భుజాల మీద అడ్డగీతలు, లంబం దగ్గర చిన్న చదరం: ఇవి పటంలో ఉండి, వాక్యాల్లో గానీ దత్తాంశంలో గానీ లేకపోతే వాటికి ఆధారం లేనట్టే. పటం మీద గుర్తు పెట్టినంత మాత్రాన అది నిరూపించినట్టు కాదు.

3. కావాలని వికారమైన పటం గీయండి

పిల్లలు గీసే పటం ఎప్పుడూ అందంగా, రెండు వైపులా సమానంగా ఉంటుంది. ఆ పటం చూస్తూ చదివితే ∠ADB = 90° అన్నది చూడగానే నిజమనిపిస్తుంది. కాబట్టి పక్కన మీ సొంత పటం ఒకటి గీయండి: BC = 8 సెం.మీ., AB = 7 సెం.మీ., AC = 4 సెం.మీ.

ఈ త్రిభుజంలో మధ్యబిందువు B నుంచి 4 సెం.మీ. దూరంలో ఉంటుంది. కోణ సమద్విఖండన రేఖ BC ని 7 : 4 నిష్పత్తిలో విభజిస్తుంది కాబట్టి అది B నుంచి దాదాపు 5.1 సెం.మీ. దగ్గర తగులుతుంది. రెండూ ఒకచోట పడవు. పడకూడదు కూడా; పడితే AB = AC కావాలన్నదే కదా మన లెక్క. అయినా AD ని మధ్యబిందువు దాకా గీసేసి, అది కోణాన్ని రెండు సమభాగాలు చేసిందని ఊహించుకోండి. ఇది అబద్ధపు పటం. ఈ పటం చూస్తూ జవాబు చదువుతుంటే, ఏ వాక్యానికైతే ద1, ద2, ద3 లలో గానీ ముందు వాక్యాల్లో గానీ ఆధారం దొరకదో, అది కంటికి ఇబ్బందిగా తగులుతుంది. "AD ⊥ BC" అని ఎవరైనా రాస్తే ఇక్కడ AD పక్కకు వాలి ఉంటుంది, కాబట్టి "ఎలా వచ్చింది?" అనే ప్రశ్న దానంతట అదే పుడుతుంది.

4. మొదటి జవాబు: అంతా ఒప్పులా కనిపించేది

△ABD, △ACD లలో
1. BD = DC (దత్తాంశం)
2. ∠BAD = ∠CAD (దత్తాంశం)
3. AD = AD (ఉమ్మడి భుజం)
4. △ABD ≅ △ACD (భు.కో.భు.)
5. AB = AC (సర్వసమాన త్రిభుజాల అనురూప భాగాలు)

ప్రతి వాక్యం పక్కన కారణం ఉంది. ఒక్క ఖాళీ కూడా లేదు. "కారణం రాశారా?" అని మాత్రమే చూసేవాళ్లు దీనికి మార్కులన్నీ వేసేస్తారు.

సర్వసమానత్వం కనిపించిన ప్రతిచోటా ఒక చిన్న పని చెయ్యండి. ఒక త్రిభుజాన్ని మాత్రమే విడిగా గీసి, సమానమని చెప్పిన మూడు భాగాల మీద గుర్తులు వెయ్యండి. ఇక్కడ △ABD ని గీసి, BD మీద ఒక గుర్తు, AD మీద ఒక గుర్తు, A దగ్గరి కోణం మీద ఒక గుర్తు వేస్తాం. BD, AD కలిసేది D దగ్గర. అంటే ఆ రెండు భుజాల మధ్య కోణం ∠ADB. గుర్తు పడింది మాత్రం A దగ్గర. మధ్య కోణం కాదు కనుక ఇది భు.కో.భు. కాదు, భు.భు.కో. అలాంటి నియమం లేదు.

మూడు సంగతులను ఆ పేరులోని వరసలో రాసినంత మాత్రాన భు.కో.భు. అవ్వదన్నది గమనించండి. జవాబులో భుజం, కోణం, భుజం అనే వరసలోనే మూడు వాక్యాలు ఉన్నాయి. కంటికి మోసం అక్కడే జరుగుతుంది.

"ఎందుకు కుదరదు, ఈ లెక్కలో AB, AC సమానమే కదా?" అని అడిగితే కొలతలతో చూపించండి. AD = 8 సెం.మీ. గీయండి. A దగ్గర 30° కోణంతో ఒక కిరణం గీయండి. వృత్తలేఖినిలో 5 సెం.మీ. తీసుకుని D కేంద్రంగా చాపం గీస్తే అది ఆ కిరణాన్ని రెండుచోట్ల ఖండిస్తుంది: A నుంచి దాదాపు 3.9 సెం.మీ. దగ్గర ఒకసారి, 9.9 సెం.మీ. దగ్గర ఇంకోసారి. D నుంచి కిరణానికి లంబదూరం 4 సెం.మీ.; 5 అంతకంటే ఎక్కువ, 8 కంటే తక్కువ, అందుకే రెండు ఖండన బిందువులు వస్తాయి. అదే 30°, అదే 8, అదే 5. త్రిభుజాలు మాత్రం రెండు. కాబట్టి 1, 2, 3 వాక్యాల నుంచి 4వ వాక్యం రాదు.

ఇప్పుడు మొదట రాసుకున్న జాబితా దగ్గరికి రండి. ఈ జవాబు ద2, ద3 లను వాడింది. ద1 ని ఎక్కడా వాడలేదు. B, D, C ఒకే రేఖ మీద ఉన్నాయన్న సంగతిని పక్కన పెట్టేస్తే సారాంశం నిలబడుతుందా? పైన గీసిన రెండు త్రిభుజాలనే తీసుకుని, ఒకదాన్ని AD కి ఇటు, రెండోదాన్ని అటు ఉంచండి. BD = DC = 5, A దగ్గర రెండు వైపులా 30°. AB = 9.9, AC = 3.9. D దగ్గరి కోణాలు కొలిస్తే ఒకటి దాదాపు 97°, రెండోది 23°; మొత్తం 120°, అంటే B, D, C ఒక రేఖ మీద లేవు. జవాబులోని మొదటి మూడు వాక్యాలూ ఈ పటంలో నిజమే, AB = AC మాత్రం అబద్ధం. ద1 ని వాడకుండా ఈ లెక్క తేలదని దీంతో ఖాయం.

వాడని దత్తాంశం ఉంటే జవాబు తప్పని ప్రతిసారీ చెప్పలేం. లెక్కలో అనవసరమైన సంగతి కూడా ఇచ్చి ఉండవచ్చు. కానీ వెతకడం అక్కణ్ణుంచి మొదలుపెడితే చాలాసార్లు తప్పు చేతికి దొరుకుతుంది.

ఈ జవాబు మార్జిన్‌లో 4 దగ్గర ఏం రాయాలి? వట్టి "తప్పు" అంటే ఉపయోగం లేదు. "BD, AD ల మధ్య కోణం ∠ADB. మీరు చూపింది ∠BAD. భు.కో.భు. వర్తించదు" అని రాయండి. 5వ వాక్యం 4 మీద ఆధారపడింది కాబట్టి అదీ నిలవదు; అయితే దాన్ని ఇంకో తప్పుగా లెక్కపెట్టకండి. 4 ఒప్పయితే 5 ఒప్పే.

5. రెండో జవాబు: దారి సరైనదే, సందులు చాలా

నిర్మాణం: AD ని E వరకు పొడిగించి, DE = AD అయ్యేలా, CE ∥ AB అయ్యేలా CE గీశాను.

1. BD = CD (దత్తాంశం)
2. AD = ED (నిర్మాణం)
3. ∠ADB = ∠EDC (శీర్షాభిముఖ కోణాలు)
4. △ABD ≅ △CED (భు.కో.భు.)
5. AB = CE
6. ∠BAD = ∠CED (ఏకాంతర కోణాలు)
7. ∠CAD = ∠CED
8. AC = CE (సమద్విబాహు త్రిభుజం)
9. AB = AC

ఇది గట్టి జవాబు. ఈ లెక్కకు ఇదే బాట. అయినా వాక్యం వాక్యం నిలబెట్టి అడగాలి. ప్రతి వాక్యం పక్కన మీరు రెండు రాయండి: అది ఏ నంబర్ల నుంచి వచ్చింది, ఏ సిద్ధాంతం వల్ల వచ్చింది. రెండింటిలో ఏది రాయలేకపోయినా అక్కడ ఆగండి.

ముందు నిర్మాణం. గీయగలిగిందే గీశారా అన్నది మొదటి ప్రశ్న. AD ని పొడిగించి DE = AD తీసుకుంటే E ఎక్కడుందో తేలిపోయింది. ఆ తర్వాత C, E లను కలపడం తప్ప చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. CE అనేది AB కి సమాంతరంగా పడుతుందా లేదా అన్నది మన చేతిలో లేదు. అది నిరూపించాల్సిన విషయం. ఒకే నిర్మాణంలో రెండు షరతులు పెట్టడం చాలా మామూలు తప్పు. "A నుంచి BC కి లంబ సమద్విఖండన రేఖ గీయండి" అనేది దీనికి చుట్టమే: A నుంచి లంబం గీయవచ్చు, BC కి లంబ సమద్విఖండన రేఖ గీయవచ్చు, అది A గుండా పోతుందని ఎవరు చెప్పారు? నిర్మాణం చదివేటప్పుడు స్కేలు, వృత్తలేఖిని పట్టుకున్నట్టే ఊహించుకుని, ప్రతి షరతు దగ్గర "ఇంకా నాకు స్వేచ్ఛ ఉందా?" అని చూడండి. స్వేచ్ఛ అయిపోయాక వచ్చిన షరతును కొట్టేయండి. ఇక్కడ "CE ∥ AB అయ్యేలా" అన్న ముక్క పోతుంది.

1, 2 సరిపోయాయి. 3 పక్కన "శీర్షాభిముఖ కోణాలు" అని ఉంది, ఒప్పే. అవి శీర్షాభిముఖ కోణాలు కావాలంటే రెండు సరళరేఖలు D దగ్గర ఖండించుకోవాలి. A, D, E ఒక రేఖ మీద ఉన్నాయన్నది నిర్మాణం ఇచ్చింది. B, D, C ఒక రేఖ మీద ఉన్నాయన్నది ద1. మొదటి జవాబు వదిలేసిన సంగతి ఇక్కడ పనిలోకి వచ్చింది. మార్జిన్‌లో "3 ← ద1, నిర్మాణం" అని రాసుకోండి.

4 దగ్గర ఒక త్రిభుజం గీసి గుర్తులు వేస్తే కోణం నిజంగానే రెండు భుజాల మధ్య ఉంది. నియమం సరిపోయింది. శీర్షాల వరస మాత్రం సరిపోలేదు. BD కి CD, AD కి ED సమానం కనుక A కి E, B కి C, D కి D జత. రాయాల్సింది △ABD ≅ △ECD. △ABD ≅ △CED అని రాస్తే A కి C జత అవుతుంది, అప్పుడు ∠BAD = ∠ECD అని రావాలి. ఇది వట్టి రాత పద్ధతి గొడవ కాదు. 5లో AB = CE అన్నది వరస తప్పినా ఒప్పే వచ్చింది, ఎందుకంటే AB అయినా BA అయినా భుజం ఒకటే. కోణాల దగ్గర ఆ అదృష్టం ఉండదు. వరసను సరిచూడటానికి తేలిక దారి ఉంది: రెండు పేర్లనూ ఒకదాని కింద ఒకటి పెద్ద అక్షరాలతో రాసి, నిలువు జతలను 1, 2, 3 వాక్యాలతో పోల్చండి.

5 పక్కన కారణమే లేదు. అనురూప భాగాలు అని ఒక్క మాట రాస్తే చాలు. తేలిక లోపం ఇది.

6 అలాంటిది కాదు. వాక్యం నిజం, కారణం రాశారు, కానీ ఆ కారణం ఇక్కడ చెల్లదు. ఏకాంతర కోణాలు సమానం కావాలంటే AB ∥ CE అని ముందే తెలియాలి. అది మనం కొట్టేసిన షరతు నుంచి తప్ప ఇంకెక్కడి నుంచీ రాలేదు. పైగా AB ∥ CE అని నిరూపించాలంటే మామూలుగా వాడేది ఈ 6వ వాక్యమే. కోణాలు సమానం ఎందుకంటే రేఖలు సమాంతరం, రేఖలు సమాంతరం ఎందుకంటే కోణాలు సమానం: గానుగెద్దు నడక. 4వ వాక్యాన్ని సరిచేశాక "అనురూప భాగాలు" అన్న కారణం పెడితే 6 నేరుగా నిలబడుతుంది, సమాంతరం అన్న మాటతో పనే లేదు.

7 పక్కనా ఖాళీయే. ఇది 6, ద3 కలిస్తే వస్తుంది: ∠CAD = ∠BAD, ∠BAD = ∠CED. ఈ లెక్కలో సమద్విఖండన రేఖను వాడేది ఈ ఒక్కచోటే. కాబట్టి ఇక్కడి ఖాళీ 5 దగ్గరి ఖాళీ లాంటిది కాదు. 5లో ఎవరైనా కారణం ఊహించుకోగలరు. 7లో కారణం రాయకపోతే, దత్తాంశంలోని అసలు సంగతిని ఎక్కడ వాడారో జవాబులో ఆనవాలే ఉండదు. నేనైతే మార్కులు తగ్గించాల్సి వస్తే 5 దగ్గర వదిలేసి 7 దగ్గర తగ్గిస్తాను.

8 పక్కన "సమద్విబాహు త్రిభుజం" అని ఉంది. ఏ త్రిభుజం? △ACE. అది సమద్విబాహు అని ఎలా తెలుసు? AC = CE కాబట్టి. చూపాల్సింది కూడా అదే. పేరు పెట్టడం కారణం చెప్పడం కాదు. ఇక్కడ కావలసింది "△ACE లో సమాన కోణాలకు ఎదురుగా ఉన్న భుజాలు సమానం" అన్న సిద్ధాంతం. "సమాన భుజాలకు ఎదురుగా ఉన్న కోణాలు సమానం" అన్నది దీని విపర్యయం, అది ఇక్కడ పనికిరాదు. యూక్లిడ్ కూడా ఈ రెండింటినీ మొదటి పుస్తకంలో 5, 6 ప్రతిపాదనలుగా విడివిడిగానే నిరూపించాడు. "సమద్విబాహు త్రిభుజ ధర్మం" అని రాస్తే రెండింటిలో ఏదో తెలియదు, అందుకే ఆ మాట కనిపించినప్పుడల్లా కోణాల నుంచి భుజాలకు వెళ్తున్నారా, భుజాల నుంచి కోణాలకా అని బాణం గీసి చూడండి.

9కి 5, 8 చాలు.

6. వెనక్కి నడవండి

పై నుంచి కిందికి చదివాక, కింది నుంచి పైకి మార్జిన్ నంబర్లు పట్టుకుని పొండి. 9 ← 5, 8. 8 ← 7. 7 ← 6, ద3. 6 ← 4. 5 ← 4. 4 ← 1, 2, 3. 1 ← ద2. 2 ← నిర్మాణం. 3 ← ద1, నిర్మాణం. దారులన్నీ దత్తాంశంలోనో నిర్మాణంలోనో ఆగాయి. ఎక్కడా దారి కిందికి తిరగలేదు, ద1, ద2, ద3 మూడూ పనిలోకి వచ్చాయి. ఇలా వెనక్కి నడిచేటప్పుడు ఏదైనా వాక్యం దారిలో తగలకపోతే అది పనికిరాని వాక్యం. అది తప్పు కాదు గానీ, దాన్ని ఎందుకు రాశారో చూస్తే ఆలోచన ఎక్కడ పక్కదారి పట్టిందో తెలుస్తుంది.

ఇదే లెక్కకు ఒకే పంక్తిలో ఇంకో జవాబు రావచ్చు: "కోణ సమద్విఖండన రేఖ సిద్ధాంతం ప్రకారం AB/AC = BD/DC = 1." దాన్ని ఒప్పుకోవచ్చా? ఆ సిద్ధాంతపు నిరూపణ తిరిగి మన లెక్క మీద ఆధారపడకపోతే ఒప్పుకోవచ్చు. మామూలుగా C గుండా AD కి సమాంతర రేఖ గీసి, "సమాన కోణాలకు ఎదుటి భుజాలు సమానం" అన్న సంగతితో దాన్ని నిరూపిస్తారు కాబట్టి చక్రం పడదు. ఆ సిద్ధాంతం ఇంకా పాఠంలో రాని తరగతి అయితే అది వేరే సంగతి. అప్పుడు రాయాల్సింది "తప్పు" అని కాదు, "ఈ సిద్ధాంతాన్ని ముందు నిరూపించండి" అని.

ఇక 7, 8 ల మధ్య ఒక సన్నటి సందు మిగిలింది. 7 చెప్పింది ∠CAD, ∠CED ల గురించి. 8 కి కావలసినవి △ACE కోణాలు: ∠CAE, ∠CEA. D అనేది A, E ల మధ్య ఉంది కాబట్టే అవి ఒకటే కోణాలు, ఆ సంగతి నిర్మాణం ఇచ్చింది. పదో తరగతి దాకా దీనికి మార్కులు తగ్గించనక్కర్లేదు. కానీ ఉద్దేశపూర్వకంగా వంకర పటం ఇచ్చి "ప్రతి త్రిభుజమూ సమద్విబాహు త్రిభుజమే" అని చూపించే పాత మాయలెక్క ఒకటుంది. అందులో ∠A సమద్విఖండన రేఖ, BC లంబ సమద్విఖండన రేఖ త్రిభుజం లోపల కలిసినట్టు గీస్తారు. నిజానికి AB ≠ AC అయితే అవి త్రిభుజం బయట కలుస్తాయి. అక్కడి నుంచి AB, AC లకు గీసిన లంబాల్లో ఒకదాని పాదం భుజం మీద, ఇంకోదాని పాదం పొడిగించిన భాగం మీద పడుతుంది, దాంతో ఒకవైపు కూడాల్సింది ఇంకోవైపు తీసివేయాల్సి వస్తుంది. ఆ లెక్కలో సర్వసమానత్వ వాక్యాలన్నీ ఒప్పే. తప్పంతా "మధ్యలో ఉంది" అన్న, ఎవరూ రాయని, ఎవరూ అడగని ఆ ఒక్క మాటలో ఉంటుంది. కాబట్టి జవాబులో భుజాలను గానీ కోణాలను గానీ కూడినా తీసివేసినా, ఏ బిందువు దేని మధ్య ఉందో, అది ఎలా తెలిసిందో మార్జిన్‌లో రాసుకోండి.